చిన్న షాపు బిల్లు మీద ఏమేం ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జగ్గయ్యపేట, కోదాడ ప్రాంతంలో చిన్న షాపుల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ సామాన్ల షాపులే ఎక్కువ. ప్రతి నెలా పదో తారీకు దగ్గర పడేసరికి అవే సందేహాలతో ఫోన్లు వస్తాయి. అందుకే అందరూ అడిగేవి అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బిల్లు బుక్కు అచ్చు వేయించే ముందు

నాకు జీఎస్టీ నంబరు లేదు. నేనిచ్చే బిల్లు చెల్లుతుందా?

చెల్లుతుంది. సరుకులు మాత్రమే అమ్మే షాపుకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటే వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. ఇది చాలామందికి తెలియదు. జగ్గయ్యపేటలో ఉన్న బావగారి షాపుకి అక్కర్లేదు కాబట్టి కోదాడలో తనకీ అక్కర్లేదనుకుని ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారు. పైగా మీ సరుకు పక్క రాష్ట్రానికి పంపుతుంటే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే.

రిజిస్ట్రేషన్ లేని షాపు బిల్లు మీద షాపు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, బిల్లు నంబరు, తేదీ, సరుకు వివరం, ఎన్ని, ఒక్కోదాని రేటు, మొత్తం, సంతకం ఉంటే చాలు. జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా విడిగా వేయకూడదు. నంబరు లేకుండా టాక్స్ వసూలు చేయడాన్ని చట్టం ఒప్పుకోదు. "ఎలాగూ కొన్నప్పుడు టాక్స్ కట్టాం కదా, అది వేసుకుంటే తప్పేంటి" అని అడుగుతారు. ఆ ఖర్చును మీ రేటులో కలుపుకోండి, బిల్లులో మాత్రం టాక్స్‌గా చూపించకండి.

నేను కాంపోజిషన్‌లో, అంటే టర్నోవర్ మీద టాక్స్ కట్టే పద్ధతిలో ఉన్నాను. టాక్స్ ఇన్వాయిస్ ఇవ్వొచ్చా?

ఇవ్వకూడదు. మీరు ఇవ్వాల్సింది బిల్ ఆఫ్ సప్లై. కాగితం పైన ఆ పేరే ఉండాలి. దాంతోపాటు పైభాగంలోనే "కాంపోజిషన్ టాక్సబుల్ పర్సన్, నాట్ ఎలిజిబుల్ టు కలెక్ట్ టాక్స్ ఆన్ సప్లైస్" అన్న వాక్యం అచ్చు వేయించాలి. మీ జీఎస్టీ నంబరు ఉంటుంది కానీ టాక్స్ శాతం, టాక్స్ మొత్తం అనే గడులు ఉండవు. మీరు కట్టే టాక్స్ మీ టర్నోవర్ మీద మీ జేబులోంచి వెళ్లేదే, కస్టమర్ దగ్గర విడిగా తీసుకునేది కాదు.

ప్రెస్సులో తయారుగా ఉన్న నమూనా చూసి టాక్స్ ఇన్వాయిస్ బుక్కులే అచ్చు వేసి ఇచ్చేస్తారు. ప్రూఫ్ చూసేటప్పుడే పై వరుస గమనించుకోండి.

బిల్లు నంబరు ఎలా వేయాలి? రెండు బుక్కులు వాడొచ్చా?

నంబరు వరుసగా ఉండాలి, మధ్యలో ఖాళీ పోకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. అంతా కలిపి 16 అక్షరాలకు మించకూడదు. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు, అడ్డగీత, ఏటవాలు గీత వాడుకోవచ్చు. ఉదాహరణకి `HW/25-26/0147` అంటే 13 అక్షరాలు, సరిపోతుంది. షాపు పేరు మొత్తం నంబరులో ఇరికిస్తే 16 దాటిపోయి, రిటర్ను వేసే రోజు పోర్టల్ తీసుకోదు.

రెండు బుక్కులు నిరభ్యంతరంగా వాడొచ్చు, కౌంటరుకి ఒకటి, గోడౌనుకి ఒకటి. కానీ ఒక్కోదానికి వేరే ముందక్షరాలు పెట్టండి, `C/25-26/0001`, `G/25-26/0001` అన్నట్టు. రెండు బుక్కుల్లోనూ ఉత్త 147 ఉంటే అవి రెండు బిల్లులని ఎవరికీ తెలియదు. కస్టమర్ అకౌంటెంట్ ఒకటి డబుల్ అనుకుని పక్కన పెట్టేస్తాడు. ఏప్రిల్ 1న కొత్త వరుస మొదలుపెట్టండి.

బోర్డు మీద ఒక పేరు, జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. బిల్లు మీద ఏది వేయాలి?

సర్టిఫికెట్‌లో రెండు పేర్లుంటాయి. ఒకటి లీగల్ నేమ్, అంటే పాన్ కార్డు మీదున్న పేరు. సొంత వ్యాపారమైతే అది యజమాని పేరే. రెండోది ట్రేడ్ నేమ్, అంటే షాపు పేరు. బిల్లు మీద షాపు పేరు పెద్దగా వేసి, కింద "ప్రొప్రయిటర్" అని యజమాని పేరు వేయిస్తే అందరికీ సుఖం. అడ్రసు మాత్రం సర్టిఫికెట్‌లో ఉన్నదే ఉండాలి. షాపు మారితే ముందు సర్టిఫికెట్‌లో మార్పించుకుని తర్వాత బుక్కు అచ్చు వేయించండి.

రెండు పేర్లూ కావాలని నేను పట్టుబట్టడానికి కారణం బ్యాంకు. డబ్బు పంపేటప్పుడు స్క్రీన్ మీద ఖాతాదారు పేరు కనిపిస్తుంది. బిల్లు మీద షాపు పేరు, ఖాతాలో మీ పేరు ఉంటే పంపేవాడికి అనుమానం వచ్చి ఆగిపోతాడు. రెండూ బిల్లు మీదే కనిపిస్తే ఆ టెన్షన్ ఉండదు.

## బిల్లు రాసేటప్పుడు

పది రూపాయల మేకులకు కూడా బిల్లు రాయాలా?

అక్కర్లేదు. అమ్మకం 200 రూపాయల కంటే తక్కువై, కొన్నవాళ్లకి జీఎస్టీ నంబరు లేక, వాళ్లు బిల్లు అడగకపోతే విడిగా ఇవ్వనవసరం లేదు. ఈ మూడూ కలవాలి. అడిగితే మాత్రం 50 రూపాయలకైనా ఇవ్వాలి. ఇలా బిల్లు లేకుండా అమ్మినవన్నీ రోజు చివర షట్టరు దించే ముందు కలిపి ఒకే బిల్లుగా రాయాలి. ఆ రోజు చిల్లర అమ్మకం 3,460 రూపాయలైతే 3,460కి వరుసలో వచ్చే నంబరుతో ఒక బిల్లు. టాక్స్ శాతాలు వేరువేరుగా ఉంటే శాతం వారీగా విడదీసి రాయండి.

కస్టమర్ పేరు, అడ్రసు ఎప్పుడు తప్పనిసరి?

కస్టమర్‌కి జీఎస్టీ నంబరు ఉంటే ఎంత చిన్న బిల్లయినా పేరు, అడ్రసు, నంబరు మూడూ రాయాలి. నంబరు లేనివాళ్లకి టాక్స్ కలపక ముందు విలువ 50,000 రూపాయలు, ఆపైన అయితే పేరు, అడ్రసు, సరుకు దించే చోటు, రాష్ట్రం పేరు, రాష్ట్రం కోడు రాయాలి. అంతకంటే తక్కువైతే వాళ్లు అడిగినప్పుడు రాస్తే చాలు.

చట్టం అడగకపోయినా అరువు బిల్లు మీద పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయకుండా వదలకండి. "మేస్త్రీ గారు" అని మాత్రమే రాసిన బిల్లులు నేను బోలెడు చూశాను. ఆ మేస్త్రీ ఎవరో ఆరు నెలల తర్వాత షాపులో కుర్రాడికి కూడా గుర్తుండదు.

కస్టమర్ తన జీఎస్టీ నంబరు ఫోన్లో చెప్పాడు. అలాగే రాసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఫోన్లో బి, డి, పి, టి ఒకేలా వినిపిస్తాయి. వాట్సాప్‌లో సర్టిఫికెట్ ఫొటో పంపమనండి. లేదా జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి, వచ్చిన పేరు కస్టమర్ పేరేనా అని చూసుకోండి. లాగిన్ కూడా అవసరం లేదు.

కంటితో సగం తప్పులు పట్టొచ్చు. నంబరులో మొత్తం 15 గుర్తులు. మొదటి రెండు రాష్ట్రం కోడు, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది పాన్ నంబరు, అంటే ఐదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ ఒక అక్షరం. కాబట్టి మూడు నుంచి ఏడో స్థానం వరకు గుండ్రంగా కనిపించేది `O` అక్షరమే, ఎనిమిది నుంచి పదకొండు వరకు కనిపించేది సున్నాయే. పద్నాలుగోది మామూలుగా `Z` ఉంటుంది. చివరిది సరిచూసే గుర్తు, ఎక్కడైనా ఒక్క అక్షరం తప్పుగా పడితే పోర్టల్ దాన్ని బట్టే పట్టేస్తుంది.

ఒకసారి ఒక ఎలక్ట్రికల్ షాపు బిల్లులో బి బదులు డి పడింది. రిటర్ను వేసే చివరి రోజు పోర్టల్ ఆ నంబరు తీసుకోలేదు. షాపతనికి ఫోన్ కలవలేదు. గడువు దాటకూడదని నేను ఆ బిల్లును నంబరు లేని కస్టమర్ల అమ్మకంలో కలిపేశాను. ప్రభుత్వానికి టాక్స్ వెళ్లింది కానీ కస్టమర్ ఖాతాలో జీఎస్టీఆర్-2బీలో, అంటే అతనికి క్రెడిట్ వచ్చే బిల్లుల జాబితాలో, ఆ బిల్లు కనిపించలేదు. అతను టాక్స్ మేరకు డబ్బు ఆపేసి మిగతాది పంపాడు. అతని తప్పేమీ లేదు, కొన్నప్పుడు కట్టిన టాక్స్‌ని తను కట్టాల్సిన టాక్స్‌లో తగ్గించుకునే ఆ క్రెడిట్ అతనికి రాలేదు మరి. సవరణ పెట్టి, అది అతనికి కనిపించేసరికి రెండు నెలలు గడిచాయి. అప్పటి నుంచి నంబరు ఫొటో లేకుండా బిల్లు రాయొద్దని అన్ని షాపులకూ చెబుతున్నాను.

హెచ్‌ఎస్‌ఎన్ కోడు వేయాలా? ఎన్ని అంకెలు?

హెచ్‌ఎస్‌ఎన్ అంటే సరుకు ఏ రకమో చెప్పే కోడు. ఏడాది టర్నోవర్ 5 కోట్ల లోపు షాపులు జీఎస్టీ నంబరున్న కస్టమర్‌కి ఇచ్చే బిల్లులో నాలుగు అంకెల కోడు వేయాలి. మామూలు కస్టమర్ బిల్లులో వేయడం మీ ఇష్టం. 5 కోట్లు దాటితే అన్ని బిల్లుల్లోనూ ఆరు అంకెలు వేయాలి. సిమెంటుకి 2523, పీవీసీ పైపులకి 3917, కరెంటు వైర్లకి 8544. మీరు తెచ్చుకున్న సరుకు బిల్లు మీద కోడు ఉంటుంది, అదే ఎక్కించుకోండి.

టాక్స్ శాతం ఈ కోడును బట్టే ఉంటుంది, శాతం మారుతుంది, కోడు మారదు. సిమెంటు మీద 28 శాతం 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. బిల్లు బుక్కులో శాతాన్ని ముందే అచ్చు వేయించుకున్నవాళ్లు ఆ రోజు బుక్కులన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. ఆ గడి ఖాళీగా ఉంచి చేత్తో రాసుకోవడమే మేలు.

సరుకు కోదాడకి పంపుతున్నాను. టాక్స్ ఎలా వేయాలి?

మీ షాపు ఆంధ్రప్రదేశ్‌లో ఉండి సరుకు తెలంగాణలో దిగితే ఐజీఎస్టీ ఒక్కటే వేయాలి. రెండూ ఒకే రాష్ట్రంలో ఉంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి సగం. కస్టమర్ ఇచ్చే మొత్తం ఒకటే, గడి మాత్రమే మారుతుంది. కానీ తప్పు గడిలో వేస్తే సరైన టాక్స్ మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని రిఫండ్ అడుక్కోవాలి. చిన్న షాపుకి ఆ డబ్బు అన్నాళ్లు ఇరుక్కుపోవడమే పెద్ద దెబ్బ.

ఇలాంటి బిల్లు మీద "ప్లేస్ ఆఫ్ సప్లై: తెలంగాణ, 36" అని తప్పక రాయాలి. మాది సరిహద్దు ఊరు కాబట్టి ఈ గడి అచ్చులోనే పెట్టించమని అందరికీ చెబుతాను.

ఒక బిల్లు మొత్తం రాసి చూపిస్తారా?

జగ్గయ్యపేట హార్డ్‌వేర్ షాపు, అదే జిల్లాలో జీఎస్టీ నంబరున్న కాంట్రాక్టరు. 20 పీవీసీ పైపులు, ఒక్కోటి 850. వైరు కాయిల్స్ 10, ఒక్కోటి 1,500. రేట్లు టాక్స్ కలపనివి. పాత కస్టమర్ కాబట్టి ఒక్కో రకం మీద 1,000 తగ్గించారు.

పైన "టాక్స్ ఇన్వాయిస్" అని, షాపు పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు. పక్కన బిల్లు నంబరు, తేదీ. కింద కాంట్రాక్టరు పేరు, అడ్రసు, జీఎస్టీ నంబరు. తర్వాత సరుకు వరుసలు. మొదటి వరుసలో "పీవీసీ పైపు 4 అంగుళాలు, 3917, 20 నంబర్లు, 850, మొత్తం 17,000, తగ్గింపు 1,000, టాక్స్ పడే విలువ 16,000". రెండో వరుసలో "వైరు కాయిల్, 8544, 10 నంబర్లు, 1,500, మొత్తం 15,000, తగ్గింపు 1,000, టాక్స్ పడే విలువ 14,000". రెండూ కలిపి 30,000. సీజీఎస్టీ 9 శాతం 2,700, ఎస్‌జీఎస్టీ 9 శాతం 2,700. బిల్లు మొత్తం 35,400. దాన్ని అక్షరాల్లో కూడా రాయండి. కింద "రివర్స్ ఛార్జ్: లేదు" అని ఒక మాట, అంటే ప్రభుత్వానికి టాక్స్ కట్టేది కొన్నవాళ్లు కాదు, మీరేనని. దాని కింద సంతకం.

ఇందులో ఎక్కువమంది తడబడేది తగ్గింపు దగ్గర. టాక్స్ వేశాక చివర్లో 2,000 తీసేస్తే 37,760లోంచి 35,760 వస్తుంది, టాక్స్ కూడా 32,000 మీద కట్టాల్సి వస్తుంది. తగ్గింపు టాక్స్‌కి ముందే, అదే వరుసలో కనిపించాలి.

ఎమ్మార్పీలో టాక్స్ కలిసే ఉంటుంది కదా, మరి విడిగా ఎలా చూపించాలి?

వెనక్కి లెక్క కట్టాలి. 18 శాతం సరుకైతే తీసుకున్న ధరని 118తో భాగించి 100తో గుణించండి. 590 రూపాయలకి అమ్మితే అసలు విలువ 500, సీజీఎస్టీ 45, ఎస్‌జీఎస్టీ 45. చాలామంది 590లో 18 శాతం తీసి 106.20 టాక్స్ అని రాసేస్తారు, అది తప్పు. ఎమ్మార్పీ మీద మళ్లీ టాక్స్ వేసి 590కి మించి అడగడం ఇంకా పెద్ద తప్పు.

సంతకం లేకపోతే బిల్లు చెల్లదా? తెలుగులో రాయొచ్చా?

కాగితం బిల్లు మీద యజమాని లేదా ఆయన అధికారం ఇచ్చినవాళ్ల సంతకం ఉండాలి. "కంప్యూటర్ బిల్లు, సంతకం అక్కర్లేదు" అని అచ్చు వేసి ప్రింట్ తీసి ఇస్తుంటారు. ఆ మినహాయింపు ఎలక్ట్రానిక్‌గా పంపే బిల్లుకే. ప్రింట్ ఇస్తే సంతకం పెట్టేయండి, రెండు సెకన్ల పని. భాష విషయంలో నిబంధన ఏదీ పెట్టలేదు, తెలుగులో రాయొచ్చు. సరుకుకి మూడు కాపీలు కావాలి. మొదటిది కస్టమర్‌కి, రెండోది బండి డ్రైవరుకి, మూడోది మీకు.

## డబ్బు త్వరగా రావడానికి

బిల్లు పక్కాగా ఉంది. అయినా "చూస్తాం, చూస్తాం" అంటున్నారు. ఇంకేం ఉండాలి?

చట్టం అడగని నాలుగు సంగతులు రాయండి. మొదటిది కస్టమర్ ఆర్డరు నంబరు, లేదా కనీసం ఆర్డరు ఇచ్చిన మనిషి పేరు. స్కూళ్లు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో సరుకు తీసుకునేవాడు ఒకడు, డబ్బు పంపేవాడు ఇంకొకడు. పంపేవాడికి ఈ సరుకు ఎవరు తెప్పించారో తెలియకపోతే బిల్లు ట్రేలోనే ఉండిపోతుంది.

రెండోది గడువు. "30 రోజులు" అని కాకుండా తేదీ వేయండి, "నవంబరు 14 లోపు" అని. 30 రోజులంటే బిల్లు తేదీ నుంచా, సరుకు అందిన రోజు నుంచా అనే వాదన రాదు. మూడోది బ్యాంకు వివరాలు, అంటే ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు. ఆ కోడులో 11 గుర్తులుంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నా, `O` అక్షరం కాదు. నాలుగోది, అనుమానం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు. సరుకు అందినట్టు దించుకున్నవాళ్ల సంతకం మీ కాపీ మీద తీసుకోవడం కూడా మరిచిపోకండి.

బిల్లు మీద క్యూఆర్ వేస్తే మంచిదేనా? అందులో అమౌంట్ కూడా వస్తుందా?

వస్తుంది. కౌంటరు మీద అతికించిన క్యూఆర్‌లో మీ ఐడీ మాత్రమే ఉంటుంది, అమౌంట్ కస్టమర్ కొట్టాలి. బిల్లు కోసం చేసే క్యూఆర్‌లో మొత్తం, బిల్లు నంబరు కూడా పెట్టొచ్చు. ఆ క్యూఆర్ వెనక ఉండే వరుస ఇలా ఉంటుంది:

```
upi://pay?pa=yourid@bank&pn=Your%20Shop&am=35400.00&cu=INR&tn=HW-25-26-0147
```

`pa` దగ్గర మీ యూపీఐ ఐడీ, `am` దగ్గర మొత్తం, `tn` దగ్గర బిల్లు నంబరు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఇది సెట్టింగుల్లోనే ఉంటుంది. 35,400 బదులు 34,500 కొట్టే పొరపాటు పోతుంది. డబ్బు ఏ బిల్లుదో మీరు వెతుక్కునే పనీ తప్పుతుంది. చిన్న షాపుకి ఇది చట్టపరంగా తప్పనిసరి కాదు. 5 కోట్ల పైన టర్నోవర్ ఉన్నవాళ్ల ఈ-ఇన్వాయిస్ మీద కనిపించే క్యూఆర్ వేరు, దానితో డబ్బు కట్టలేం.

చిన్న వ్యాపారులకి 45 రోజుల్లో కట్టాలని చట్టం ఉందట. బిల్లు మీద రాస్తే పనిచేస్తుందా?

మీరు తయారీదారులో, సర్వీసు ఇచ్చేవాళ్లో అయితే పనిచేస్తుంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉంటే ఒప్పుకున్న గడువులో, ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఇది 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు, ప్రింటింగ్ ప్రెస్సు, మోటార్లు బాగుచేసే వర్క్‌షాపు దీని కిందికి వస్తాయి. వాళ్లు ఉద్యమ్ నంబరును బిల్లు మీదే అచ్చు వేయించుకోవాలి.

కొని అమ్మే షాపుకి మాత్రం ఈ రక్షణ వర్తించదు. వ్యాపారులకి ఉద్యమ్ నంబరు 2021లో మళ్లీ ఇచ్చారు కానీ బ్యాంకు లోన్ల ప్రయోజనం వరకే. మీ చేతిలో ఉన్నది ఇంకొకటి. జీఎస్టీ నంబరున్న కస్టమర్ బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలి. ఐదో నెలలో మీరు "సార్, ఈ బిల్లు 180 రోజులకి దగ్గరపడింది" అని తేదీతో సహా గుర్తుచేస్తే అవతలి అకౌంటెంట్ వెంటనే కదులుతాడు.

## తప్పు దొర్లాక

బిల్లులో తప్పు రాశాను. కొట్టేసి దిద్దొచ్చా?

బిల్లు ఇంకా మీ చేతిలోనే ఉంటే మూడు కాపీల మీదా "రద్దు" అని రాసి బుక్కులోనే ఉంచండి, తర్వాతి నంబరుతో కొత్తది రాయండి. చింపి పారేస్తే ఆ నంబరు ఏమైందని అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

బిల్లు కస్టమర్‌కి వెళ్లి, రిటర్నులో కూడా ఎక్కిపోయాక పాతదాన్ని ముట్టుకోకూడదు. ఎక్కువ రేటు పడ్డా, సరుకు తిరిగొచ్చినా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దానికి సొంత నంబరు, తేదీ, ఏ బిల్లుకి సంబంధించిందో ఆ బిల్లు నంబరు, తేదీ ఉండాలి. తక్కువ పడితే డెబిట్ నోట్. కస్టమర్ జీఎస్టీ నంబరు లాంటివి తప్పు పడితే తర్వాతి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో సవరించొచ్చు. క్రెడిట్ నోటుకైనా, సవరణకైనా ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకే సమయం.

పాత బిల్లు బుక్కులు ఎన్నాళ్లు దాచాలి?

ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. 2024-25 బిల్లుల వార్షిక రిటర్ను గడువు 2025 డిసెంబరు 31 కాబట్టి ఆ బుక్కులు 2031 డిసెంబరు చివరి వరకు ఉండాలి. థర్మల్ ప్రింటర్ బిల్లులు వేసవిలో షట్టరు పక్కన పెడితే ఏడాదిలోపే తెల్లగా అయిపోతాయి. అవి వాడే షాపులు నెలనెలా పీడీఎఫ్ తీసి రెండు చోట్ల దాచుకోండి.